గోంగూర ఆకు నల్లబడుతుంది, దాని కాయ ఎర్రగానే ఉంటుంది: ఎందుకు?

కడిగి ఆరబెట్టిన గోంగూరను నూనె వేసిన మూకుడులో వేసి గరిటెతో నాలుగుసార్లు తిప్పేలోపే గంపెడు ఆకు గుప్పెడవుతుంది. ఆకు కుంగడంతో పాటే రంగూ పోతుంది. ఒక్క నిమిషం క్రితం నిగనిగలాడిన ఆకుపచ్చ స్థానంలో మట్టి కలిసినట్టుండే గోధుమపచ్చ మిగులుతుంది. పక్క పొయ్యి మీద పాలకూర అదే మంటకు, అంతే సేపు మగ్గినా ఇంత త్వరగా లొంగదు. పుల్లని కూర కాబట్టి నల్లబడిందని ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పే మాట రసాయనశాస్త్రం ప్రకారం కూడా నిజమే.

అయితే ఆ మాట దగ్గరే ఆగితే ఒక చిక్కు ఉంది. ఎర్ర గోంగూర పూలు రాలాక కాయను చుట్టుకుని కండగల ఎర్రటి రేకులు పెరుగుతాయి. హైబిస్కస్ టీ పేరుతో అంగళ్ళలో అమ్మేది ఈ రేకులనే. రుచిలో ఇవి ఆకు కంటే ఏమాత్రం తక్కువ పులుపు కావు. వీటిని పది నిమిషాలు మరిగించినా ఎరుపు చెక్కుచెదరదు. మొక్క ఒకటే, పులుపు ఒకటే, మంట ఒకటే. ఆకులో రంగును చంపిన ఆమ్లమే కాయ దగ్గర రంగును కాపాడుతోంది. ఇక పచ్చడిలో పడిన ఎండుమిరప ఎరుపైతే ఆ ఆమ్లాన్ని అసలు పట్టించుకోదు. ఒకే గిన్నెలోని ఈ మూడు రంగులు మూడు రకాలుగా ఎందుకు నడుస్తాయో తెలియాలంటే, ఆమ్లం ఒక్కో రంగులో ఏ భాగాన్ని తాకుతుందో చూడాలి.

ముందు ఆకు సంగతి. ఆకుపచ్చదనాన్నిచ్చే పత్రహరితం, అంటే క్లోరోఫిల్, ఒక పెద్ద వలయం. ఆ వలయం నడుమ నాలుగు నైట్రోజన్ పరమాణువులు ఒక మెగ్నీషియం పరమాణువును పట్టుకుని ఉంటాయి. వలయానికి 20 కార్బన్ల పొడవైన తోక ఒకటి అతుక్కుని ఉంటుంది. ఆ తోక వల్లే పత్రహరితం నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. మెగ్నీషియం ఎక్కడి నుంచో వచ్చి కలిసిన మలినం కాదని, పత్రహరితంలో విడదీయరాని భాగమని తేల్చినవాడు జర్మన్ రసాయనవేత్త రిచర్డ్ విల్‌స్టాటర్. మొక్కల రంగుల మీద చేసిన కృషికి ఆయనకు 1915లో నోబెల్ బహుమతి వచ్చింది. గోంగూర విషయంలో జరిగేదంతా ఈ మెగ్నీషియం చుట్టూనే.

ఆమ్లంలో హైడ్రోజన్ అయాన్లు విరివిగా ఉంటాయి. వేడి తోడైతే అవి రెండు కలిసి వలయం నడుమకు చొరబడి మెగ్నీషియాన్ని బయటకు నెట్టేస్తాయి. అలా మెగ్నీషియం పోగొట్టుకున్న పత్రహరితాన్ని ఫియోఫైటిన్ అంటారు. దాని రంగే ఆ గోధుమపచ్చ. మూకుడులో రంగు మాడిపోలేదు, నూనెలోకి కారిపోలేదు. అణువులో ఒక్క పరమాణువు స్థానం మారింది, అంతే.

ఇక్కడ ఒక ప్రశ్న రావాలి. గోంగూర పచ్చిగా ఉన్నప్పుడూ పుల్లనే కదా, మరి చెట్టు మీద ఉన్న ఆకు ఎందుకు నల్లబడదు? ఆకు కణంలో పులుపు ఒక గదిలో, పచ్చదనం ఇంకో గదిలో ఉంటాయి కాబట్టి. ఆమ్లాలు రిక్తిక అనే నీటి సంచిలో ఉంటాయి. పత్రహరితం హరితరేణువుల్లో, ప్రోటీన్లను అంటిపెట్టుకుని ఉంటుంది. మధ్యలో పలుచని పొరలు అడ్డుంటాయి. వేడి తగలగానే ఆ పొరలు చిట్లుతాయి, ప్రోటీన్లు విడిపోతాయి, రెండు గదుల సరుకూ కలిసిపోతుంది. గోంగూరలో ఆ నీటి సంచి నిండా ఆమ్లమే కాబట్టి నిమిషాల్లో పని పూర్తవుతుంది. పాలకూర రసం పీహెచ్ 6కు అటూ ఇటూగా ఉంటుంది, అంటే ఆమ్లం స్వల్పం. పీహెచ్ కొలమానంలో ఒక్కో అంకె దిగేకొద్దీ ఆమ్లత పదింతలు పెరుగుతుంది. పీహెచ్ 3 దగ్గరుండే పుల్లని రసానికీ పాలకూర రసానికీ తేడా వెయ్యింతలన్నమాట.

అలాగని పాలకూర శాశ్వతంగా పచ్చగా ఉండదు. దాన్ని గమనిస్తే మూడు దశలు కనిపిస్తాయి. మరిగే నీటిలో వేసిన మొదటి అరనిమిషంలో ఆకు ముందుకంటే ఎక్కువ పచ్చగా మెరుస్తుంది. రంగు పెరిగి కాదు. కణాల మధ్య చిక్కుకుని కాంతిని చెదరగొట్టే గాలి బయటికి పోవడంతో పత్రహరితం సూటిగా కనిపిస్తుంది. తర్వాత కొద్ది నిమిషాలు ఆ పచ్చ నిలుస్తుంది. అయిదు నుంచి ఏడు నిమిషాలు దాటాక ఆకు తన సొంత ఆమ్లాలతోనే మెల్లగా మట్టిపచ్చలోకి జారుతుంది. ప్రెషర్ కుక్కర్లో ఉష్ణోగ్రత దాదాపు 120 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్తుంది కాబట్టి అక్కడ ఈ జారుడు ఇంకా వేగం.

పాలకూర పప్పు రంగు పాడయ్యే ఇళ్ళలో ఒకే పొరపాటు కనిపిస్తుంది. పప్పు, ఆకు, చింతపండు, ఉప్పు, కారం అన్నీ కలిపి కుక్కర్లో పెట్టి మూడు కూతలు రానిస్తారు. ఎక్కువ వేడి, ఎక్కువ సేపు, పైగా ఆమ్లం, మూడూ ఒకేసారి. బిగించిన మూత వల్ల ఆకు నుంచి ఆవిరిగా పోవలసిన ఆమ్లాలు కూడా లోపలే ఉండిపోతాయి. అదే పప్పును విడిగా ఉడికించి, ఆకును వెడల్పాటి గిన్నెలో మూత లేకుండా రెండు మూడు నిమిషాలు మగ్గనిచ్చి, పప్పులో కలిపి, చింతపండు పులుసును దించే ముందు పోస్తే పచ్చ నిలుస్తుంది. నిలవడమంటే వడ్డించేదాకా నిలవడం. పులుసు కలిసిన వేడి పప్పు గంటసేపు మూత కింద ఉంటే మళ్ళీ మొదటికే వస్తుంది. ఈ కిటుకు గోంగూర పప్పుకు పనికిరాదు, ఎందుకంటే అక్కడ పులుపును తెచ్చేది ఆకే.

ఆమ్లమే శత్రువైతే క్షారం వేస్తే సరిపోదా? చిటికెడు వంటసోడా వేస్తే నిజంగానే పని చేస్తుంది. సోడా ద్రావణం పీహెచ్ 8 పైన ఉంటుంది. ఆమ్లం విరిగిపోయి మెగ్నీషియం తన చోటనే ఉంటుంది. పైగా క్షారంలో ఆ పొడవాటి తోక తెగి, నీటిలో కరిగే ముదురు పచ్చ పదార్థం కూడా తయారవుతుంది. హోటల్ పాలక్ పనీర్‌లో అసహజంగా మెరిసే పచ్చ వెనక తరచూ ఈ చిటికెడు సోడాయే ఉంటుంది. దానికి చెల్లించే మూల్యం మాత్రం చిన్నది కాదు. కణాలను అతికించి ఉంచే పెక్టిన్ క్షారంలో కరిగిపోయి ఆకు జావలా అవుతుంది. సి విటమిన్, బి1 విటమిన్ రెండూ క్షారంలో వేడికి నిలవవు. నాలుక మీద సబ్బు తగిలినట్టు ఒక జిడ్డు రుచి వస్తుంది. సోడా పడిందో లేదో చెప్పడానికి ప్రయోగశాల అక్కరలేదు. కూర మిక్సీలో వేయకుండానే ముద్దలా ఉండి, వేళ్ళ మధ్య జారుతూ, పచ్చ మాత్రం మెరుస్తూ ఉంటే పడినట్టే.

పుల్లగా ఉంటూనే పచ్చగానూ ఉండే దారి ఒకటుంది, అది మంచిది కాదు. మెగ్నీషియం పోయి ఖాళీ అయిన వలయంలోకి రాగి గానీ జింకు గానీ వెళ్ళి కూర్చోగలవు. రాగి కూర్చుంటే పచ్చ తిరిగి వస్తుంది, అదీ మెగ్నీషియం ఇచ్చిన పచ్చ కంటే గట్టిది. రాగిని వలయం ఎంత బిగువుగా పట్టుకుంటుందంటే, వంటింటి ఆమ్లాలు దాన్ని కదిలించలేవు. యూరప్‌లో ఒకప్పుడు ఊరగాయలను కావాలనే రాగి పాత్రల్లో మరిగించి పచ్చగా చేసేవారు. 1820లో లండన్‌లో ఫ్రెడరిక్ ఆక్యం అనే రసాయనవేత్త ఆహార కల్తీల మీద రాసిన పుస్తకంలో ఈ అలవాటు విషమని హెచ్చరించాడు. మన ఇళ్ళలో రాగి, ఇత్తడి గిన్నెలకు కళాయి పూయించనిదే పులుసు కాచకూడదన్న నియమం కూడా ఈ ప్రమాదం గురించే. కళాయి పోయిన గిన్నెలో పులుసు కాస్తే రాగి కరిగి కూరలోకి దిగుతుంది. చిలుము రుచి, వికారం దాని గుర్తులు. అందుకే నెలల తరబడి ఊరినా లేత ఆకులా మెరిసే గోంగూర నిల్వ పచ్చడి ఎక్కడైనా కనిపిస్తే మెచ్చుకోవడం కంటే అనుమానించడమే న్యాయం. రాగి కాకపోతే కృత్రిమ రంగు అయి ఉంటుంది. పత్రహరితం తనంతట తాను అంత పులుపులో అన్నాళ్ళు నిలవలేదు.

ఇప్పుడు కాయ సంగతి. ఎండబెట్టిన ఎర్ర గోంగూర రేకులు ఏడెనిమిది తీసుకుని గ్లాసుడు మరిగే నీళ్ళలో పది నిమిషాలు ఉంచితే కెంపు రంగు నీరు దిగుతుంది. రంగు నీటిలోకి ఇంత సులువుగా దిగడమే పత్రహరితానికి, దీనికి ఉన్న మొదటి తేడా. ఇది ఆంథోసయనిన్, నీటిలో కరిగే రంగు. చల్లారాక దాన్ని మూడు గాజు గ్లాసుల్లో పోయాలి. ఒకటి అలాగే ఉంచాలి. రెండో దానిలో వంటసోడాను కొద్దికొద్దిగా వేస్తే నురగ వస్తుంది. ఎరుపు ముందు వెలిసిపోయి, తర్వాత ఊదాలోకి, ఇంకా వేస్తే బూడిద కలిసిన నీలంలోకి తిరుగుతుంది. మూడో దానిలో తాంబూలపు సున్నం కలిపిన నీటి తేటను పోస్తే పచ్చ, కాసేపటికి మురికి పసుపు వస్తుంది.

ఇక్కడ ఆమ్లం చేసే పని ఆకులో చేసిన దానికి తలకిందులు. ఆంథోసయనిన్ అణువులో ఒక వలయం బలమైన ఆమ్లంలో, అంటే పీహెచ్ 3 లోపు, ధనావేశంతో ఉంటుంది. ఆ స్థితిలో అది ఆకుపచ్చ కాంతిని మింగేస్తుంది, మనకు ఎరుపు కనిపిస్తుంది. ఆమ్లం తగ్గి పీహెచ్ 4, 5 దగ్గరకు వచ్చేసరికి ఒక నీటి అణువు వచ్చి ఆ వలయానికి అతుక్కుంటుంది. దాంతో కాంతిని పట్టే గొలుసు తెగిపోయి రంగు మాయమవుతుంది. రెండో గ్లాసు నీలంలోకి తిరిగే ముందు వెలిసిపోయినట్టు కనిపించింది ఇందుకే. పీహెచ్ 7 వైపు వెళ్తే హైడ్రోజన్ అయాన్లు ఊడి ఊదా, నీలం రూపాలు వస్తాయి. సున్నపు తేటలో వలయమే తెరుచుకుని పసుపు పదార్థమవుతుంది. మూడో గ్లాసులో కనిపించిన పచ్చ నిజానికి పచ్చని అణువు కాదు, మిగిలిన నీలమూ పుట్టిన పసుపూ కలిసి కంటికి అలా తోస్తాయి.

ఇప్పుడు రెండో గ్లాసులో, మూడో గ్లాసులో నిమ్మరసం పిండాలి. సోడా గ్లాసు చాలామటుకు ఎరుపుకు తిరిగి వస్తుంది. సున్నం గ్లాసును వెంటనే కాకుండా అరగంట ఆగి పిండితే ఎరుపు వెలవెలపోతూ వస్తుంది. పీహెచ్ తెచ్చే మార్పుకు తిరుగుదారి ఉంటుంది, వలయం తెరుచుకుని ముక్కలైతే ఉండదు. చొక్కా మీద పడిన నేరేడు మరకకు సబ్బు రాస్తే నీలమై, నిమ్మచెక్క రుద్దితే మళ్ళీ ఎర్రబడేది ఈ దారినే. పూల రసంతో ఆమ్లాన్ని, క్షారాన్ని పోల్చుకునే పద్ధతిని రాబర్ట్ బాయిల్ 1664లోనే వయొలెట్ పూల పానకంతో వివరించాడు.

వేడి విషయంలోనూ ఆమ్లమే ఈ రంగుకు రక్ష. ఎర్రని ధనావేశ రూపం వేడికి కొంత ఓర్చుకుంటుంది. నీరు అతుక్కున్న రంగులేని రూపమే వేడికి సులువుగా తెరుచుకుని, ముక్కలై, చివరికి గోధుమరంగుకు దారితీస్తుంది. గోంగూర రేకుల నీటిలో పులుపు అంత ఎక్కువ కాబట్టి అణువులు ఎక్కువగా ఎర్ర రూపంలోనే ఉండి పది నిమిషాల మరుగును తట్టుకుంటాయి. వంకాయకు ఆ అదృష్టం లేదు. దాని తోలులో ఉన్నదీ ఇదే కుటుంబపు రంగే అయినా, కాయ రసంలో ఆమ్లం చాలదు. ఉడికేకొద్దీ ఊదా నీటిలోకి కారి, కండలోని ఫినాల్ పదార్థాల గోధుమరంగు పైకి వస్తుంది. గుత్తి వంకాయను ముందు వేడి నూనెలో మగ్గించి తర్వాత పులుసులో వేస్తే కాస్త రంగు మిగులుతుంది, నీటిలో ఉడికిస్తే మిగలదు.

గోంగూర రేకుల షర్బత్ తయారుచేసి నిల్వ పెట్టేవారికి ఇందులో ఒక ఉచ్చు ఉంది. నిమ్మరసం పిండగానే రంగు భగ్గుమంటుంది కాబట్టి అదే మంచిదనిపిస్తుంది. కానీ నిమ్మలోని సి విటమిన్ నెలల నిల్వలో ఆంథోసయనిన్‌ను త్వరగా విరగ్గొడుతుంది. వెంటనే తాగేదానికి నిమ్మ సరే, సీసాలో పెట్టేదానికి నిమ్మ ఉప్పు నయం. నిల్వ సరుకులో నిజమైన రంగు ఎంత మిగిలిందో ప్రయోగశాలలు కనిపెట్టే పద్ధతి కూడా పై గ్లాసుల ఆటే. ఒకే నమూనాను పీహెచ్ 1 వద్ద, పీహెచ్ 4.5 వద్ద కొలుస్తారు. ఆంథోసయనిన్ అయితే రెండోచోట దాదాపు మాయమవ్వాలి. రెండుచోట్లా అలాగే కనిపించేది పాడైన గోధుమరంగు.

అయితే నీలాన్నంతా పీహెచ్ లెక్కకు కట్టేయడం తప్పు. విల్‌స్టాటర్ గులాబీ ఎరుపు, కార్న్‌ఫ్లవర్ అనే పువ్వు నీలం రెండూ ఒకే రంగుపదార్థమని చూపి, తేడా పీహెచ్ వల్లేనని భావించాడు. తర్వాత చూస్తే కార్న్‌ఫ్లవర్ రసం క్షారం కానే కాదు. ఇనుము, మెగ్నీషియం, కాల్షియం అయాన్లు రంగు అణువులను కూడగట్టి ఆ నీలాన్ని తెస్తున్నాయని 2005లో దాని నిర్మాణం బయటపడ్డాక స్పష్టమైంది. శంఖపుష్పం మరో దారిలో నీలంగా ఉంటుంది. దాని ఆంథోసయనిన్‌కు అతికిన పెద్ద ఆమ్ల శాఖలు మడతపడి వలయాన్ని ముసుగులా కప్పేస్తాయి, నీరు చొరబడలేదు. పులుపు తగ్గి గోంగూర రేకుల రంగు వెలిసే చోట శంఖపుష్పం నీలంగా నిలబడేది ఆ ముసుగు వల్లే.

ఎర్రగా, ఊదాగా కనిపించే ప్రతిదీ ఆంథోసయనిన్ అనుకోవడం కూడా పొరపాటే. బీట్‌రూట్, ఎర్ర తోటకూర, బచ్చలి పండ్లలో ఉండేది బీటాలైన్ అనే వేరే కుటుంబం, అందులో నైట్రోజన్ ఉంటుంది. ఒక మొక్కలో ఈ రెండు కుటుంబాలూ కలిసి ఉండవు. ఎర్ర తోటకూర వండిన గిన్నెలో చిటికెడు సోడా వేసినా నీలం రాకపోవడం దీనికి గుర్తు.

మూడో రంగు గురించి చెప్పుకోవలసింది తక్కువే, ఎందుకంటే వంటింట్లో దానికి జరిగేది తక్కువ. మిరప ఎరుపు, టమాటా ఎరుపు, క్యారెట్ నారింజ అన్నీ కెరోటినాయిడ్లు. ఒకటి విడిచి ఒకటిగా జంట బంధాలున్న పొడవైన కార్బన్ గొలుసులే వాటి రంగుకు మూలం. నడుమ ఊడిపోయే లోహం లేదు, ఆవేశం మార్చుకునే వలయం లేదు. అందుకే గోంగూర పచ్చడిలో అంత పులుపు ఉన్నా మిరప ఎరుపు అలాగే ఉంటుంది. పసుపు మరక సబ్బుకు ఎర్రబడుతుంది, పసుపులో సున్నం కలిపి పారాణి చేస్తాం. అక్కడున్నది కర్కుమిన్, కెరోటినాయిడ్ కాదు. మిరప మరకకు ఎంత సబ్బు రాసినా రంగు మారదు.

వేడి ఈ గొలుసులో ఒకటో రెండో వంపులు తెస్తుంది, దాంతో ఎరుపు కాస్త నారింజ వైపు జరుగుతుంది. అంతకంటే ముఖ్యంగా, కణాల్లో చిక్కుకున్న రంగును విడిపించి నూనెలోకి దించుతుంది. తాలింపు నూనె ఎర్రబడడం అదే. ఆ నూనె ఎంత ఎర్రగా ఉంటే అంత ఘాటనుకోవడం మాత్రం కుదరదు. కారానికి మూలమైన క్యాప్సైసిన్‌కు రంగే లేదు. కర్ణాటక బ్యాడగి, వరంగల్ చపాటా మిరప రంగులో ముందుంటాయి, కారంలో గుంటూరు తేజ ముందు వెనకబడతాయి.

కెరోటినాయిడ్‌ను దెబ్బతీసేది గాలిలోని ఆక్సిజన్, దానికి తోడు వెలుతురు. గుంటూరు వ్యాపారులు ఎండుమిరపను శీతల గిడ్డంగుల్లో పెట్టడానికి రంగు నిలవడం ఒక ముఖ్య కారణం. ఇంట్లో ఈ తేడా చూడాలంటే గోంగూర నిల్వ పచ్చడిని సగం పింగాణీ జాడీలో, సగం గాజు సీసాలో పెట్టి సీసాను కిటికీ పక్కన ఉంచితే చాలు. కొన్ని నెలలకు సీసాలో వెలుతురు తగిలిన వైపు నూనె ఎరుపు పలచబడి పసుపు తేలుతుంది, జాడీలో అది నిలుస్తుంది. ఆకు రంగు మాత్రం రెండింటిలోనూ ఒకటే మట్టిపచ్చ. అది మూకుడులోనే తేలిపోయిన లెక్క.